36 శాతం ఉన్నవాళ్లు 64 శాతాన్ని అమ్మేయొచ్చా? షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌లో ట్యాగ్, డ్రాగ్, ప్రీ-ఎంప్షన్, బోర్డు సీటు

ఈ ఎపిసోడ్ స్టార్టప్ పెట్టినవాళ్లకే కాదు. స్టార్టప్‌లో ఈసాప్స్ తీసుకుని పనిచేస్తున్నవాళ్లకి, ఫ్రెండ్ కంపెనీలో ఓ ఐదు లక్షలు పెట్టినవాళ్లకి కూడా. ఎందుకంటే ఈరోజు మాట్లాడుకోబోయే కాగితం మీద మీ సంతకం ఉన్నా లేకపోయినా, అందులో రాసింది మీ షేర్ల మీద పడుతుంది. ఆ కాగితం పేరు షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్. షార్ట్‌గా ఎస్‌హెచ్‌ఏ అంటారు.

మామూలుగా యాభై, అరవై పేజీలు ఉంటుంది. అందులో నాలుగు క్లాజుల గురించే చెప్తాను: ప్రీ-ఎంప్షన్, ట్యాగ్-అలాంగ్, డ్రాగ్-అలాంగ్, బోర్డు నామినేషన్. వీటిని విడివిడిగా చదివితే నాలుగూ న్యాయంగానే కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టి చదివినప్పుడే అసలు కథ తెలుస్తుంది. అందుకే ఒకే కంపెనీని మొదటి నుంచి చివరి దాకా నడిపిద్దాం. ఇది ఉదాహరణ కోసం అనుకున్న కంపెనీ. లెక్కలు మాత్రం నిజంగా ఇలాగే నడుస్తాయి.

మాదాపూర్‌లో ఇద్దరు క్లాస్‌మేట్స్ కంపెనీ పెట్టారు అనుకుందాం. ఒకరు కోడ్ రాస్తారు, ఇంకొకరు సేల్స్ చూసుకుంటారు. కోడ్ రాసే అబ్బాయికి కరీంనగర్‌లో ఒక మేనమామ ఉన్నారు. ప్లాట్ అమ్మిన డబ్బులో పది లక్షలు తీసి ఇచ్చారు. మొత్తం 10,000 షేర్లు. ఫౌండర్లకి చెరో 4,500, మామకి 1,000. అంటే మామ షేరు ఒక్కోటి వెయ్యి రూపాయలకి కొన్నట్టు.

ఏడాది తర్వాత ఒక ఫండ్ వచ్చింది. ఐదు కోట్లు పెడతాం, 20 శాతం కావాలి అంది. కంపెనీ 2,500 కొత్త షేర్లు, ఒక్కోటి 20,000 రూపాయలకి ఇచ్చింది. ఇప్పుడు మొత్తం 12,500 షేర్లు. ఫౌండర్లు చెరో 36 శాతం, మామ 8 శాతం, ఫండ్ 20 శాతం. కంపెనీ విలువ 25 కోట్లు. అందరూ హ్యాపీ. అప్పుడే ఎస్‌హెచ్‌ఏ వచ్చింది. "మామా, ఇక్కడో సంతకం పెట్టాలి" అంటే మామ పెట్టేశారు. పేజీలు తిప్పలేదు.

ఇంకో ఏడాదిన్నరకి రెండో ఫండ్ వచ్చింది. 20 కోట్లు పెట్టి 20 శాతం తీసుకుంటాం అంది. అంటే ఇంకో 3,125 కొత్త షేర్లు, ఒక్కోటి 64,000 రూపాయలు. ఇక్కడే మన మొదటి క్లాజు పనిచేస్తుంది.

ప్రీ-ఎంప్షన్ అంటే, కంపెనీ కొత్త షేర్లు బయటివాళ్లకి ఇచ్చే ముందు, ఉన్నవాళ్లకి వాళ్ల వాటా ప్రకారం కొనుక్కునే అవకాశం ఇవ్వాలి. మామకి 8 శాతం ఉంది కాబట్టి 3,125లో 8 శాతం, అంటే 250 షేర్లు కొనే హక్కు ఉంది. కొంటే ఆయన వాటా 8 శాతమే ఉంటుంది. కానీ 250 షేర్లకి కట్టాల్సింది ఎంత? ఒక కోటి 60 లక్షలు. పది లక్షలు పెట్టడానికే ప్లాట్ అమ్మిన మనిషికి కోటీ అరవై లక్షలు ఎక్కడివి? ఆయన వదిలేశారు. ఫస్ట్ ఫండ్ కూడా ఈసారి పెట్టలేదు. మొత్తం 15,625 షేర్లయ్యాయి. మామ వాటా 6.4 శాతానికి తగ్గింది. ఫౌండర్లు చెరో 28.8, మొదటి ఫండ్ 16, రెండో ఫండ్ 20.

ఈ తగ్గడంలో మోసం ఏమీ లేదు. శాతం తగ్గినా విలువ పెరిగింది, ఎందుకంటే కంపెనీ ఇప్పుడు వంద కోట్లు. ప్రీ-ఎంప్షన్ ఇచ్చేది డబ్బు కాదు, క్యూలో ముందు నిలబడే చోటు మాత్రమే. జేబులో డబ్బు లేకపోతే ఆ చోటు వల్ల లాభం లేదు.

ధర పడిపోయినప్పుడు ఇదే హక్కు ఎలా తిరగబడుతుందో చూడాలంటే బైజూస్ గుర్తు చేసుకోండి. ఒకప్పుడు 2,200 కోట్ల డాలర్ల విలువ అన్న కంపెనీ, 2024 జనవరిలో 20 కోట్ల డాలర్లు సేకరించడానికి రైట్స్ ఇష్యూ పెట్టింది, పాత విలువతో పోలిస్తే చాలా చాలా తక్కువ ధరకి. ఉన్న షేర్‌హోల్డర్లందరికీ కొనే అవకాశం ఉంది. రూల్ ప్రకారం ప్రీ-ఎంప్షన్ పాటించినట్టే. కానీ అంత తక్కువ ధర దగ్గర డబ్బు పెట్టనివాళ్ల వాటా దాదాపు కరిగిపోతుంది. కొందరు ఇన్వెస్టర్లు బెంగళూరు ఎన్‌సీఎల్‌టీకి వెళ్లారు. ఫిబ్రవరిలో ట్రిబ్యునల్, వచ్చిన డబ్బును వేరే అకౌంట్‌లో పెట్టి ఉంచాలని ఆదేశించింది. పెద్ద పెద్ద ఫండ్‌లకే ఆ పరిస్థితి వచ్చింది, ఇక మన మామ లాంటివాళ్ల సంగతి చెప్పాలా.

చట్టంలో ప్రీ-ఎంప్షన్ లేదా అంటే, ఉంది. కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 62 ఉంది. కొత్త షేర్లని ముందు ఉన్నవాళ్లకే ఆఫర్ చెయ్యాలి అని చెప్తుంది. కానీ అదే సెక్షన్‌లో ఒక డోర్ కూడా ఉంది. స్పెషల్ రిజల్యూషన్ పాస్ చేస్తే నేరుగా బయటివాళ్లకి ఇవ్వొచ్చు. స్పెషల్ రిజల్యూషన్ అంటే వ్యతిరేక ఓట్లకి కనీసం మూడు రెట్లు అనుకూల ఓట్లు. 8 శాతం ఉన్న మామ ఒక్కరు కాదంటే ఆగదు. అందుకే ఎస్‌హెచ్‌ఏలో ఆ హక్కుని విడిగా రాయించుకుంటారు. చట్టం ఇచ్చింది ఓటుతో పోవచ్చు. కాంట్రాక్ట్ ఇచ్చింది మీరు ఒప్పుకుంటేనే పోతుంది.

ప్రీ-ఎంప్షన్ అనే మాట ఇంకో అర్థంలో కూడా వాడతారు. ఉన్న షేర్‌హోల్డర్ తన పాత షేర్లు అమ్మాలనుకుంటే ముందు మిగతావాళ్లకి ఆఫర్ చెయ్యాలి. దాన్ని రైట్ ఆఫ్ ఫస్ట్ రిఫ్యూజల్ అంటారు. మీ అగ్రిమెంట్‌లో ఈ పేరు కనిపిస్తే కొత్త షేర్ల గురించా, పాత షేర్ల గురించా అని చూడండి. రెండూ వేరు.

ఇప్పుడు ట్యాగ్-అలాంగ్. ట్యాగ్ అంటే తోక పట్టుకుని వెళ్లడం అనుకోండి. పెద్దవాళ్లు అమ్ముకుంటుంటే, చిన్నవాళ్లు కూడా అదే ధరకి, అదే షరతులతో వాళ్లతోపాటు అమ్ముకునే హక్కు.

మన కంపెనీలో సేల్స్ చూసే ఫౌండర్‌కి పెళ్లైంది, ఇల్లు కొనాలి, కొంచెం డబ్బు కావాలి. ఒక ఇన్వెస్టర్ 1,100 షేర్లు, ఒక్కోటి 50,000 రూపాయలకి కొంటానన్నాడు. రౌండ్ ధర 64,000 కదా, ఎందుకు తగ్గింది అంటారా? ఫండ్‌లు కొన్నవి ప్రిఫరెన్స్ షేర్లు, వాటికి అదనపు హక్కులు ఉంటాయి. ఫౌండర్‌వి మామూలు ఈక్విటీ షేర్లు. అందుకే సెకండరీలో ధర తక్కువ పలకడం మామూలే.

ట్యాగ్ లేకపోతే ఫౌండర్ 1,100 షేర్లు అమ్ముకుని ఐదున్నర కోట్లు తీసుకుంటాడు. మామకి ఆ సంగతి పెళ్లిలోనో, పేరంటంలోనో తెలుస్తుంది. ట్యాగ్ ఉంటే, ఫౌండర్ ముందు నోటీసు ఇవ్వాలి: కొనేది ఎవరు, ఎన్ని షేర్లు, ధర ఎంత. అప్పుడు మామ "నేను కూడా వస్తాను" అనొచ్చు. ఫౌండర్‌వి 4,500, మామవి 1,000, మొత్తం 5,500. ఆ నిష్పత్తిలో 1,100 పంచితే ఫౌండర్‌కి 900, మామకి 200. మామకి 200 షేర్లకి కోటి రూపాయలు వస్తాయి. ఆయన పెట్టిన పది లక్షలకి పది రెట్లు తిరిగొచ్చాయి, ఇంకా 800 షేర్లు చేతిలో ఉన్నాయి.

చిన్న ఇన్వెస్టర్‌కి ఇంతకంటే పనికొచ్చే క్లాజు ఇంకోటి లేదని నా అభిప్రాయం. అయినా ఇది ఫెయిల్ అవుతుంది. ఎక్కువసార్లు రెండు చోట్ల.

ఒకటి డెఫినిషన్. ట్యాగ్ హక్కు "ఇన్వెస్టర్లకి" అని రాసి, ముందు పేజీల్లో ఇన్వెస్టర్ అంటే ఆ రెండు ఫండ్‌లు మాత్రమే అని రాస్తారు. మామని "అదర్ షేర్‌హోల్డర్" అనే డబ్బాలో పడేస్తారు. బాధ్యతలన్నీ ఆయనకి వర్తిస్తాయి, ట్యాగ్ మాత్రం వర్తించదు. అందుకే ఎస్‌హెచ్‌ఏ చేతికి రాగానే ముందు చూడాల్సింది ట్యాగ్ పేజీ కాదు, డెఫినిషన్ల పేజీ. మీ పేరు ఏ డబ్బాలో ఉందో అక్కడ తెలుస్తుంది.

రెండోది గడువు. నోటీసు వచ్చిన ఇన్ని రోజుల్లోపు జవాబివ్వాలి, లేకపోతే వదులుకున్నట్టే అని ఉంటుంది. నోటీసు వచ్చేది ఎప్పుడో ఇచ్చిన, ఇప్పుడు ఎవరూ తెరవని ఈమెయిల్‌కి. నవ్వొస్తుంది కానీ డబ్బులు పోయేది ఇలాంటి చోటే.

ఇంక ఈసాప్స్ ఉన్నవాళ్లకి ట్యాగ్ సాధారణంగా ఉండదు. కంపెనీ దయతలచి బైబ్యాక్ పెడితే తప్ప దారి లేదు. డ్రాగ్ మాత్రం వాళ్లకి కూడా వర్తిస్తుంది. ఇప్పుడు అక్కడికే వస్తున్నా.

డ్రాగ్-అలాంగ్ అంటే ఈడ్చుకెళ్లడం. ట్యాగ్‌లో "నేనూ వస్తాను" అనేది చిన్నవాళ్ల ఇష్టం. డ్రాగ్‌లో "నువ్వూ రావాల్సిందే" అనేది పెద్దవాళ్ల ఇష్టం. ఎవరైనా కంపెనీ మొత్తం కొంటామని వస్తే, ఫలానా వాళ్లు ఒప్పుకుంటే చాలు, మిగతా అందరూ అదే కొనుగోలుదారుకి అమ్మాల్సిందే.

ఇది వినగానే అన్యాయం అనిపిస్తుంది. కానీ దీని వెనుక నిజమైన కారణం ఉంది. కొనే కంపెనీకి నూటికి నూరు శాతం కావాలి. ఎక్కడో 2 శాతం ఉన్న ఒకాయన ఫోన్ ఎత్తకపోయినా, లేదా "నాకు డబుల్ ఇస్తేనే" అని పట్టుబట్టినా డీల్ మొత్తం ఆగిపోతుంది. అందరికీ నష్టం. కాబట్టి డ్రాగ్ ఉండకూడదు అని నేను అనను. అది ఎవరి చేతిలో ఉంది, ఏ ధర దగ్గర వాడొచ్చు, అసలు ప్రశ్న అది.

మన కంపెనీకి వద్దాం. మార్కెట్ పడిపోయింది. వంద కోట్ల కంపెనీకి ఇప్పుడు 30 కోట్ల ఆఫర్ వచ్చింది. రెండో ఫండ్ గడువు దగ్గరపడింది, డబ్బు వెనక్కి తీసుకోవాలి. "అమ్మేద్దాం" అన్నారు. ఫౌండర్లు "వద్దు, ఏడాది ఆగితే కోలుకుంటాం" అన్నారు. ఫౌండర్లు, మామ కలిస్తే 64 శాతం. ఫండ్‌లు రెండూ కలిస్తే 36. ఓట్లు లెక్కేస్తే ఫౌండర్లే గెలవాలి కదా?

కానీ క్లాజులో ఇలా ఉంది: ప్రిఫరెన్స్ షేర్లలో మెజారిటీ ఉన్నవాళ్లు కోరితే డ్రాగ్. ప్రిఫరెన్స్ షేర్లు ఎవరి దగ్గర ఉన్నాయి? రెండు ఫండ్‌ల దగ్గరే. మొదటిదానికి 2,500, రెండోదానికి 3,125. అంటే రెండో ఫండ్ ఒక్కటే, 20 శాతంతో, కంపెనీ మొత్తాన్ని అమ్మించగలదు. టైటిల్‌లో 36 అన్నాను, నిజానికి 20 శాతం చాలు. "మెజారిటీ" అనే మాట చూడగానే మనం యాభై ఒకటి అనుకుంటాం. దేంట్లో మెజారిటీ అనేది ఆ తర్వాతి రెండు మాటల్లో ఉంటుంది.

సరే, అమ్మారు. మామకి ఎంత వస్తుంది? 30 కోట్లలో 6.4 శాతం అంటే ఒక కోటి 92 లక్షలు అని మీరు లెక్కేసి ఉంటారు. రాదు. ఇక్కడ లిక్విడేషన్ ప్రిఫరెన్స్ ఉంది. ఫండ్‌లు పెట్టిన డబ్బు ముందు తీసుకుంటాయి, మిగిలింది తర్వాత పంచుతారు. మొదటి ఫండ్ ఐదు కోట్లు, రెండో ఫండ్ 20 కోట్లు. 30లో 25 పోయింది. మిగిలిన ఐదు కోట్లు ఫౌండర్లు, మామ కలిపి ఉన్న 10,000 షేర్లకి. షేరుకి 5,000 రూపాయలు. మామకి 50 లక్షలు. (ట్యాగ్ అమ్మకం జరగలేదు అనుకుని లెక్కేస్తున్నా, కన్ఫ్యూజ్ అవ్వొద్దు.) ఫౌండర్లకి చెరో రెండు కోట్ల పాతిక లక్షలు.

అదే ఆఫర్ 25 కోట్లు అయితే? మామకి సున్నా. ఫౌండర్లకి సున్నా. ఈసాప్స్ ఉన్నవాళ్లకి సున్నా. 28.8 శాతం ఉన్న ఫౌండర్‌కి కూడా సున్నాయే. రెండో ఫండ్ రెండు రెట్ల ప్రిఫరెన్స్ రాయించుకుని ఉంటే 40 ప్లస్ ఐదు, 45 కోట్ల దాకా కింది వాళ్లకి పైసా రాదు. ఇప్పుడు అర్థమైందా, ఫండ్‌కి 25 కోట్ల ఆఫర్ ఎందుకు ముద్దుగా ఉంటుందో? వాళ్ల డబ్బు వాళ్లకి పూర్తిగా వచ్చేస్తుంది. ఆగితే పెరగొచ్చు, తగ్గొచ్చు. పెరిగితే లాభం అందరిది, తగ్గితే నష్టం వాళ్లది. వాళ్ల కోణంలో అమ్మేయడమే తెలివి. వాళ్లు చెడ్డవాళ్లు అని కాదు, లెక్క అలా ఉంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోకండి. నిజంగా జరిగింది ఒకటి చెప్తా. ఫ్యాన్‌డ్యుయెల్ అని ఫ్యాంటసీ స్పోర్ట్స్ కంపెనీ. 2009లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ఐదుగురు మొదలుపెట్టారు. నైజెల్ ఎక్లెస్, ఆయన భార్య లెస్లీ ఎక్లెస్, ఇంకో ముగ్గురు. అమెరికాలో పెద్దదైంది. కేకేఆర్, షామ్‌రాక్ లాంటి పెద్ద ఫండ్‌లు డబ్బు పెట్టాయి. నైజెల్ 2017లో సీఈఓ పదవి నుంచి తప్పుకున్నారు.

2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. రాష్ట్రాలు స్పోర్ట్స్ బెట్టింగ్‌ని అనుమతించకుండా అడ్డుకుంటున్న ఫెడరల్ చట్టాన్ని కొట్టేసింది. లక్షల మంది యూజర్లు ఉన్న ఫ్యాన్‌డ్యుయెల్‌కి అది లాటరీ తగిలినట్టే. తొమ్మిది రోజుల తర్వాత, మే 23న, ప్యాడీ పవర్ బెట్‌ఫెయిర్ అనే కంపెనీ అమెరికా బిజినెస్‌తో విలీనం ప్రకటించారు. కొత్త కంపెనీలో 61 శాతం వాళ్లది, 39 శాతం ఫ్యాన్‌డ్యుయెల్ షేర్‌హోల్డర్లది.

ఇప్పుడు ఆ వాటాని లోపల ఎలా పంచాలి? ఫ్యాన్‌డ్యుయెల్ ఆర్టికల్స్ ప్రకారం మొదటి 55.9 కోట్ల డాలర్లు ప్రిఫరెన్స్ షేర్లవాళ్లకి. ఆ పైన ఉంటేనే ఫౌండర్లకి, ఉద్యోగులకి. బోర్డు ఆ వాటా విలువని 46.5 కోట్ల డాలర్లుగా లెక్కకట్టింది. 55.9 కంటే తక్కువ కదా. ఫౌండర్లకి, ఉద్యోగులకి సున్నా. డ్రాగ్-అలాంగ్ ఉంది కాబట్టి మేం అమ్మం అనే వీలు లేదు.

ఫౌండర్ల వాదన ఏంటంటే, సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కంపెనీ విలువ బాగా పెరిగింది, బోర్డు పాత విలువనే పట్టుకుంది, ఆ బోర్డులో ఉన్నవాళ్లు ఫండ్‌ల మనుషులు అని. 2020లో న్యూయార్క్‌లో కేసు వేశారు. కింది దశలో కేసు నిలబడలేదు. 2024 మేలో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం, కోర్ట్ ఆఫ్ అపీల్స్, దాన్ని మార్చింది. కంపెనీ స్కాట్లాండ్‌ది కాబట్టి స్కాట్లాండ్ చట్టమే వర్తిస్తుంది, కానీ ఆ చట్టం ప్రకారం చూసినా డైరెక్టర్లు తమ బాధ్యత తప్పారన్న ఆరోపణ విచారణకి నిలుస్తుంది అంది. గెలిచినట్టు కాదు, కేసు నడవొచ్చు అన్నట్టు. మధ్యలో 2020 డిసెంబర్‌లో ఏం జరిగిందో చెప్పనా? ఆ బిజినెస్‌లో 37.2 శాతం వాటాని ఫ్లట్టర్, అంటే పేరు మారిన ప్యాడీ పవర్ బెట్‌ఫెయిర్, 417.5 కోట్ల డాలర్లకి కొంది.

ఇక్కడ ఒక్క విషయం పట్టుకోండి. ఫౌండర్లకి సున్నా రావడానికి డ్రాగ్ ఒక్కటే కారణం కాదు. విలువ ఎంత అని తేల్చింది బోర్డు. బోర్డులో ఎవరు కూర్చోవాలో తేల్చేది నాలుగో క్లాజు.

బోర్డు నామినేషన్ రైట్ అంటే, ఫలానా షేర్‌హోల్డర్ బోర్డులో ఒక డైరెక్టర్‌ని పెట్టుకోవచ్చు అనే హక్కు. మన కంపెనీలో ఫౌండర్లు ఇద్దరు, ఫండ్‌కి ఒకరు చొప్పున ఇద్దరు. రెండుకి రెండు. బ్యాలెన్స్ బాగుంది అనిపిస్తుంది. మామకి సీటు లేదు, అది సహజం.

ఫౌండర్లు కొంచెం తెలివిగా ఆలోచించి, డ్రాగ్ క్లాజులో "బోర్డు ఆమోదం ఉంటేనే" అని రాయించుకున్నారు అనుకుందాం. లాయర్ కూడా శభాష్ అన్నాడు. రెండుకి రెండు ఉన్న బోర్డులో ఫండ్‌లు ఒంటరిగా ఏం చెయ్యలేవు కదా. ఇప్పుడు నామినేషన్ క్లాజు చదవండి: "ఫౌండర్ కంపెనీలో ఉద్యోగిగా కొనసాగినంత కాలం" డైరెక్టర్‌గా ఉండొచ్చు. ఇద్దరిలో ఒకరు అలసిపోయి మానేశారు. లేదా తీసేశారు. ఆ రోజే సీటు పోయింది. బోర్డు ఒకటికి రెండు అయింది. ఆయన షేర్లు ఆయన దగ్గరే ఉన్నాయి, 28.8 శాతం అలాగే ఉంది. కానీ డ్రాగ్‌కి పెట్టిన తాళం మాత్రం ఊడిపోయింది.

రెండు క్లాజులూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. మధ్యలో ఇరవై పేజీల దూరం. నాకు తెలిసి ఎక్కువమంది ఫౌండర్లు మిస్ అయ్యేది ఇదే. సీటుని ఉద్యోగంతో కాకుండా షేర్లతో ముడిపెట్టించుకోవాలి. ఉదాహరణకి ఫౌండర్లిద్దరికీ కలిపి 25 శాతం ఉన్నంత కాలం రెండు సీట్లు నింపే హక్కు వాళ్లది, ఎవరు మానేసినా ఆ స్థానంలో మనిషిని పెట్టేది వాళ్లే. ఫండ్ ఒప్పుకోకపోవచ్చు. అప్పుడైనా బేరం దేని మీద నడుస్తోందో మీకు తెలుస్తుంది.

ఇంకో మాట. ఫండ్ పెట్టిన డైరెక్టర్ ఫండ్‌కి జవాబుదారీ అనుకుంటారు చాలామంది. చట్టం అలా చెప్పదు. మన కంపెనీల చట్టం సెక్షన్ 166 ప్రకారం డైరెక్టర్ ఎవరు పెట్టినా సరే, పనిచేయాల్సింది కంపెనీ మేలు కోసం, సభ్యులందరి ప్రయోజనం కోసం. ఫ్యాన్‌డ్యుయెల్ గొడవ కూడా చివరికి ఇలాంటి ప్రశ్న దగ్గరే ఆగింది. కానీ ఇది కోర్టులో, ఏళ్ల తర్వాత పనికొచ్చే కవచం. సంతకం రోజు రాయించుకున్న ఒక్క లైన్ దీనికంటే చవక.

ఆ ఒక్క లైన్ ఏది అని నన్నడిగితే, ఫ్లోర్ ప్రైస్. ఇంత ధరకి తక్కువైతే డ్రాగ్ వాడకూడదు అని అంకె వేయించుకోవడం. మన కంపెనీలో ఫ్లోర్ 60 కోట్లు అని ఉంటే, 30 కోట్ల ఆఫర్‌కి ఫండ్‌లు ఫౌండర్లని ఒప్పించాలి, ఈడ్చలేవు. దాంతోపాటు మొదటి నాలుగైదేళ్లు డ్రాగ్ వాడకూడదు అనే గడువు కూడా అడగొచ్చు. మామ లాంటివాళ్లు అడగాల్సింది ఇంకోటి ఉంది. డ్రాగ్‌లో అమ్మేటప్పుడు కొనేవాళ్లు అందరి దగ్గరా హామీలు రాయించుకుంటారు: కంపెనీకి పన్ను బాకీలు లేవు, కేసులు లేవు అని. మామకి ఆ సంగతులు ఎలా తెలుస్తాయి? ఆయన ఇవ్వాల్సింది "ఈ షేర్లు నావే, తాకట్టులో లేవు" అనే హామీ మాత్రమే. ఆయన బాధ్యత కూడా చేతికొచ్చిన డబ్బుకి మించకూడదు. లేకపోతే 50 లక్షలు తీసుకుని, రెండేళ్ల తర్వాత ఎప్పటిదో జీఎస్‌టీ డిమాండ్‌కి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇదంతా రాయించుకున్నాక కూడా ఒక పని మిగిలుంటుంది. ఎస్‌హెచ్‌ఏలో ఉన్నది ఆర్టికల్స్ ఆఫ్ అసోసియేషన్‌లోకి ఎక్కాలి. 1991లో మన సుప్రీంకోర్టు వి.బి. రంగరాజ్ వర్సెస్ వి.బి. గోపాలకృష్ణన్ కేసులో ఇదే చెప్పింది. కుటుంబ ప్రైవేట్ కంపెనీ అది. షేర్లు అమ్మితే ముందు తమ శాఖవాళ్లకే ఇవ్వాలని కుటుంబంలో ఒప్పందం ఉంది. అంటే ఒక రకమైన ప్రీ-ఎంప్షన్. కానీ అది ఆర్టికల్స్‌లో లేదు. ఒకరు దాన్ని దాటి అమ్మేశారు. ఆర్టికల్స్‌లో లేని ఆంక్ష కంపెనీని గానీ, షేర్‌హోల్డర్లని గానీ కట్టడి చెయ్యదు అంది కోర్టు. అందుకే సంతకాల రోజే, షేర్లు అలాట్ చేసే రోజే, ఆర్టికల్స్ కూడా మార్పించి రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ దగ్గర ఫైల్ చేయించడం లాయర్ల అలవాటు. మీరు ఫైల్ అయిన కాపీ అడిగి తీసుకోండి, డ్రాఫ్ట్ కాదు.

దీనివల్ల ఈసాప్స్ ఉన్నవాళ్లకి ఒక లాభం ఉంది. ఎస్‌హెచ్‌ఏ మీకు ఎవరూ చూపించరు, అది కాన్ఫిడెన్షియల్. ఆర్టికల్స్ మాత్రం పబ్లిక్ డాక్యుమెంట్. ఎంసీఏ పోర్టల్‌లో లాగిన్ అయి, వ్యూ పబ్లిక్ డాక్యుమెంట్స్‌లో కంపెనీ పేరు కొట్టి, చిన్న ఫీజు కడితే డౌన్‌లోడ్ అవుతుంది. చివరి రౌండ్ తర్వాత ఫైల్ చేసిన ఆర్టికల్స్ తెరవండి. ముందు "డ్రాగ్" అని సెర్చ్ చెయ్యండి, ఎవరు వాడొచ్చో, ఏ ధరకో చూడండి. తర్వాత "లిక్విడేషన్ ప్రిఫరెన్స్" చూడండి, ఒక రెట్టా, రెండు రెట్లా. ఆ కంపెనీ ఇప్పటిదాకా ఎంత ఫండింగ్ తీసుకుందో దాంతో గుణించండి. కంపెనీ ఆ అంకె కంటే తక్కువకి అమ్ముడుపోతే మీ ఈసాప్స్‌కి వచ్చేది ఏమీ ఉండదు. ఆఫర్ లెటర్‌లో హెచ్ఆర్ చెప్పిన అంకె పక్కన ఈ అంకె కూడా రాసిపెట్టుకుని, అప్పుడు జీతం బేరం ఆడండి.

ఈ ఎపిసోడ్‌కి ఇంతే. ఫౌండర్ మానేస్తే ఆయన షేర్లు ఏమవుతాయి, గుడ్ లీవర్, బ్యాడ్ లీవర్ అంటే ఏంటి అనేది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.